మనోళ్లు ఏటన్నారు? 2020 జనవరి 20 నాటి అసెంబ్లీ చర్చను పార్టీలవారీగా కుదించి రాయడం

అసెంబ్లీలో పెద్ద చర్చ ఏదైనా జరిగిన మర్నాడు సిక్కోలులోనో విజయనగరంలోనో టీకొట్టు దగ్గర వినిపించే మొదటి ప్రశ్న "మనోళ్లు ఏటన్నారు?" అనే. మామూలు రోజుల్లో దీనికి జవాబు చెప్పడం సులువే. 2020 జనవరి 20 చర్చకు మాత్రం ఆ ప్రశ్నే తికమక పెడుతుంది. ఆ రోజు సభ ముందుకు వచ్చిన రెండు బిల్లుల్లో ఒకటి పరిపాలనా రాజధానిని విశాఖపట్నానికి, అంటే శ్రీకాకుళం నుంచి నూరు కిలోమీటర్ల పైచిలుకు దూరానికి తెచ్చేది. రెండోది అమరావతి బాధ్యత చూసే రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ, అంటే సీఆర్‌డీఏ, చట్టాన్ని రద్దు చేసేది. ఆ రద్దు బిల్లును పెట్టిన మంత్రి బొత్స సత్యనారాయణది చీపురుపల్లి. స్పీకర్ కుర్చీలో ఉన్న తమ్మినేని సీతారాంది ఆమదాలవలస. అధికార పక్షం తరఫున మాట్లాడిన ధర్మాన ప్రసాదరావు అప్పటి శ్రీకాకుళం ఎమ్మెల్యే. అటు వైపు నిలబడి బిల్లులను వ్యతిరేకించిన అప్పటి టీడీపీ శాసనసభాపక్ష ఉపనేత అచ్చెన్నాయుడిది టెక్కలి. నలుగురూ మనోళ్లే. కానీ ఆ నలుగురూ నాలుగు రకాల హోదాల్లో మాట్లాడారు.

ఈ చర్చ మీద వచ్చిన కుదింపుల్లో చాలావాటిది ఒకటే మూస. వైసీపీ కింద "అనుకూలం" అని రాసి నాలుగు ముక్కలు, టీడీపీ కింద "వ్యతిరేకం" అని రాసి నాలుగు ముక్కలు, చివర్లో "మూజువాణి ఓటుతో ఆమోదం" అని ఒక వాక్యం. పోటీ పరీక్షల నోట్సుల్లోనూ ఇదే కనిపిస్తుంది. ఇలా రాస్తే తప్పులు దొర్లుతాయి. అసలు ఆ మూస పెట్టుకోవడంలోనే తప్పుంది. పార్టీ పేరు రాసుకునే ముందు సభను ఏం చేయమని అడిగారో రాసుకోవాలి. ఆ పని చేస్తే "అనుకూలం, వ్యతిరేకం" అన్న రెండు గదులు చాలవని వెంటనే తెలిసిపోతుంది.

ముందు సభ ముందున్నదేమిటో చూద్దాం. ఒకటి, పరిపాలన వికేంద్రీకరణ, అన్ని ప్రాంతాల సమ్మిళిత అభివృద్ధి బిల్లు. దీన్ని ఆర్థిక, శాసనసభా వ్యవహారాల మంత్రి బుగ్గన రాజేంద్రనాథ్ పెట్టారు. ఇందులో మూడు వేర్వేరు కోరికలున్నాయి. శాసన రాజధాని అమరావతిలో, పరిపాలనా రాజధాని విశాఖలో, న్యాయ రాజధాని కర్నూలులో ఉండాలన్నది మొదటిది. రాష్ట్రాన్ని జోన్లుగా విడదీసి ప్రాంతీయ ప్రణాళికా అభివృద్ధి బోర్డులు పెట్టాలన్నది రెండోది. గ్రామ, వార్డు సచివాలయాల వ్యవస్థకు చట్టంలో చోటివ్వాలన్నది మూడోది. సీఆర్‌డీఏ రద్దు బిల్లుది మరో ప్రశ్న. భూసమీకరణలో పొలాలిచ్చిన రైతులతో ఆ సంస్థ చేసుకున్న ఒప్పందాల బాధ్యత ఇకమీద ఎవరిది, వాళ్లకు దక్కాల్సినది ఎలా దక్కుతుంది అన్నది అక్కడి సంగతి.

అంటే సభలో నడిచింది ఒక్క చర్చ అయినా, అందులో కనీసం నాలుగు ప్రశ్నలున్నాయి. ఒక పార్టీ ఒకదాని మీద గట్టిగా మాట్లాడి, మరోదాన్ని ముట్టుకోకుండా వదిలేయవచ్చు. అలా వదిలేసిన చోట గడి ఖాళీగా ఉంచాలి. "బిల్లును వ్యతిరేకించింది కాబట్టి గ్రామ సచివాలయాలనూ వ్యతిరేకించింది" అని మనమే పూరిస్తే ఆ పార్టీ అనని మాటను దాని నోట్లో పెట్టినట్టవుతుంది. ఇంకో చిక్కు హైకోర్టుది. అది 2019 జనవరి 1 నుంచి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం అమరావతిలో నడుస్తోంది. దాన్ని కదపడం ఒక్క రాష్ట్ర చట్టంతో పూర్తయ్యే పని కాదు, కేంద్రం పాత్ర ఉంటుంది. కాబట్టి "కర్నూలుకు హైకోర్టు తరలింపునకు సభ ఆమోదం" అని రాస్తే ఎక్కువ రాసినట్టే. "తరలించే ప్రక్రియ చేపట్టాలన్న అంశం ఉన్న బిల్లుకు ఆమోదం" అన్నది సరైన మాట.

ఇక చదివే పద్ధతి. సభ నివేదికను మొదటి పేజీ నుంచి చదువుకుంటూ పోతే ప్రసంగాల హోరులో దారి తప్పుతాం. ముందు చివరికి వెళ్లి ఓటు ఎలా జరిగింది, ఆ సమయానికి సభలో ఎవరున్నారు అన్నది చూసుకోవాలి. తర్వాత బిల్లు పెట్టిన మంత్రి ప్రసంగం, ఆపైన ప్రతిపక్షం మొదటి ప్రసంగం, చివర ముఖ్యమంత్రి జవాబు. ఈ నాలుగూ అయ్యాక మిగతా సభ్యులవి చూస్తే, కొత్త వాదన తెచ్చినవాళ్లు ఎవరో, ఉన్న వాదననే గొంతు పెంచి చెప్పినవాళ్లు ఎవరో తేలిగ్గా తెలిసిపోతుంది. ఇలా చదివేటప్పుడు మూడు రంగుల పెన్సిళ్లు సరిపోతాయి. "ఇది చేయండి, చేయకండి" అని సభను అడిగిన వాక్యానికి ఒక రంగు. "ఎందుకంటే" అన్నదానికి ఒక రంగు. చూపించిన సాక్ష్యానికి, అంటే కమిటీ నివేదిక, అంకె, పాత ప్రసంగం లాంటివాటికి మూడో రంగు. ఏ రంగూ అంటని వాక్యాలే ఎక్కువ మిగులుతాయి. ఎదుటివాళ్ల గతాన్ని తవ్వడం, సామెతలు విసరడం, నియోజకవర్గాన్ని పొగుడుకోవడం అన్నీ అందులోకే పోతాయి. కుదింపులో వాటికి చోటు అక్కర్లేదు. టీవీలో పదే పదే తిప్పేది మాత్రం సరిగ్గా ఆ ముక్కల్నే. చర్చను టీవీలో చూసి రాసినవాళ్ల కుదింపూ రికార్డు చదివి రాసినవాళ్ల కుదింపూ రెండు వేర్వేరు సభల్లా కనిపించడానికి కారణం అదే.

ప్రసంగం ఎంత పొడవుందన్నది కూడా కొలబద్ద కాదు. మాట్లాడే సమయం మామూలుగా పార్టీల బలాన్ని బట్టి పంచుతారు. 2019 ఎన్నికల్లో వైసీపీకి 151, టీడీపీకి 23, జనసేనకు 1 సీటు వచ్చాయి. శ్రీకాకుళంలో పదింట ఎనిమిది, విజయనగరంలో తొమ్మిదింటికి తొమ్మిదీ వైసీపీవే. టెక్కలి, ఇచ్ఛాపురం టీడీపీకి దక్కాయి. ఈ లెక్కన రికార్డులో పేజీలు ఎవరివి ఎక్కువుంటాయో చెప్పక్కర్లేదు. కుదింపులో వరసల సంఖ్య పేజీల సంఖ్యను అనుసరించకూడదు. ఇరవై మంది చెప్పిన ఒక్క వాదన ఒక్క వాదనే.

ఇప్పుడు అసలు పనికి వద్దాం. ప్రభుత్వ పక్షం చెప్పిన కారణాలను వడగడితే నాలుగు మిగులుతాయి. హైదరాబాద్‌లోనే అంతా పెట్టుకుని విభజనతో నష్టపోయాం, మళ్లీ ఒకేచోట పోగుచేస్తే అదే తప్పు అవుతుంది అన్నది ఒకటి. డబ్బు రెండోది. అమరావతిలో మౌలిక వసతులకే ఎకరానికి సుమారు రెండు కోట్ల చొప్పున 53 వేల ఎకరాలకు 1.09 లక్షల కోట్లు కావాలని గత ప్రభుత్వమే లెక్కవేసింది, అంత సొమ్ము రాష్ట్రం దగ్గర లేదు, ఇప్పటికే నగరంగా ఎదిగిన విశాఖలో అందులో కొద్ది ఖర్చుతో పని జరుగుతుంది అన్నారు. మూడోది కమిటీలు. కేంద్రం వేసిన శివరామకృష్ణన్ కమిటీ, తాము వేసిన జి.ఎన్.రావు కమిటీ, బోస్టన్ కన్సల్టింగ్ గ్రూపు నివేదిక, అన్నీ వికేంద్రీకరణ వైపే చూపించాయన్నారు. నాలుగోది 1937 శ్రీబాగ్ ఒడంబడిక, అంటే రాయలసీమకు ఇచ్చిన మాట. ఇవి కాక ఇన్‌సైడర్ ట్రేడింగ్ ఆరోపణ ఒకటి. రాజధాని ఎక్కడో ప్రకటించకముందే నాటి అధికార పక్షానికి చెందినవాళ్లు, వాళ్ల సన్నిహితులు 4,070 ఎకరాలు కొన్నారని బుగ్గన సభలో ఆరోపించారు.

టీడీపీ వైపు వాదనలో కేంద్రబిందువు మాట నిలబెట్టుకోవడం. 2014లో సభలో అందరూ ఒప్పుకున్నాకే రాజధాని ఖరారైందని, అప్పటి ప్రతిపక్ష నేత, 2020 నాటికి ముఖ్యమంత్రి అయిన జగన్ కూడా ఒప్పుకున్నారని గుర్తుచేశారు. ఆ మాటను, ప్రభుత్వం మీద ఉన్న నమ్మకాన్ని చూసే రైతులు 33 వేల ఎకరాలకు పైగా ఇచ్చారని, 2015 అక్టోబరు 22న ప్రధాని శంకుస్థాపన చేశారని, ఇప్పుడు వెనక్కి తిరగడం ద్రోహమని వాదించారు. అమరావతి రాష్ట్రానికి నడిమధ్య ఉంటుందని, సీమ చివరనున్నవాళ్లకు విశాఖ చాలా దూరమని అన్నారు. "అభివృద్ధిని వికేంద్రీకరించండి, పాలనను కాదు" అన్నది వాళ్ల ముఖ్య వాదన. కుదింపుల్లో అన్నిటికంటే ఎక్కువగా జారిపోయేది ఇదే.

ఈ చివరి వాక్యం జారిపోతే ఏమవుతుందో ఉత్తరాంధ్ర పాఠకుడి వైపు నుంచి చూడండి. "టీడీపీ: వ్యతిరేకం" అని మాత్రమే చదివినవాడికి టెక్కలి ఎమ్మెల్యే తన జిల్లా మేలునే వద్దన్నట్టు కనిపిస్తుంది. ఆ పార్టీ మాట ప్రకారం విశాఖకు కావాల్సినవి పరిశ్రమలు, ఉద్యోగాలు. సచివాలయం వస్తేనే వలసలు ఆగిపోవు. ఇది ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. కుదింపు రాసేవాడి పని ఆ వాదనను దాని బలంతో సహా ఉంచడం. ఇదే కొలత అటువైపూ పెట్టాలి. "వైసీపీ: అమరావతి రద్దు" అని రాయడం కూడా అంతే తప్పు. అమరావతి శాసన రాజధానిగా ఉంటుందన్నది బిల్లులోనే ఉంది. పొలాలిచ్చిన రైతులకు చెల్లించే కౌలును పదేళ్ల నుంచి పదిహేనేళ్లకు పొడిగిస్తామని, భూమి లేని కుటుంబాలకిచ్చే పింఛనును నెలకు 2,500 నుంచి 5,000 రూపాయలకు పెంచుతామని కూడా ప్రభుత్వం చెప్పింది. రైతులకు అన్యాయం జరుగుతుందన్న వాదనకు అదే దాని జవాబు. ఆ జవాబు లేకుండా ప్రభుత్వ వాదన సగమే.

పార్టీకో పేరా రాసుకున్నాక కూడా పని సగంలోనే ఉంటుంది. వాదనలను జంటలుగా కలపాలి. ఒకరు చెప్పినదానికి రెండోవాళ్లు జవాబిచ్చారా, పక్కకు తప్పించారా అన్నది అప్పుడే తెలుస్తుంది. ఈ చర్చలో మూడు జంటలు బాగా పనికొస్తాయి.

డబ్బు జంట చూద్దాం. 1.09 లక్షల కోట్లు లేవని ప్రభుత్వం అంది. దానికి టీడీపీ ఇచ్చిన ముఖ్య జవాబు నిధుల గురించి. "అంతా ఖజానా నుంచి రానక్కర్లేదు. రైతులకు తిరిగిచ్చే ప్లాట్లు, రోడ్లు పోగా మిగిలే భూమి విలువే రాజధానిని కడుతుంది, ఇది తనకు తానే నిధులు సమకూర్చుకునే ప్రాజెక్టు" అంది. చూశారా, ఇక్కడ గొడవ అంకె మీద కంటే ఎక్కువగా ఆ సొమ్ము ఎక్కడి నుంచి వస్తుందన్న దాని మీద. కుదింపులో "ఖర్చు ఎక్కువని ప్రభుత్వం, కాదని ప్రతిపక్షం" అని రాస్తే అసలు తగువు కనిపించకుండా పోతుంది. చదువరికి తెలియాల్సింది భూమి విలువ మీద ఒకరికి నమ్మకం ఉందని, మరొకరికి లేదని.

రెండోది కమిటీ నివేదిక జంట. శివరామకృష్ణన్ కమిటీని రెండు పక్షాలూ తమ సాక్షిగా పిలిచాయి. ఆ కమిటీ 2014 ఆగస్టులో ఇచ్చిన నివేదికలో విజయవాడ–గుంటూరు మధ్య సారవంతమైన పొలాల్లో ఒకే మహా రాజధాని వద్దని, సంస్థలను విశాఖ ప్రాంతానికి, రాయలసీమకు, కాళహస్తి–నడికుడి మార్గం వెంబడికి పంచమని చెప్పింది. ప్రభుత్వం ఆ పేజీలు పట్టుకుంది. అదే కమిటీ సేకరించిన ప్రజాభిప్రాయంలో ఎక్కువమంది మొగ్గింది విజయవాడ–గుంటూరు వైపే. టీడీపీ ఆ పేజీ పట్టుకుంది. రెండూ ఆ నివేదికలో ఉన్నవే. బిల్లులో ఉన్న మూడు రాజధానుల పంపకాన్ని ఉన్నదున్నట్టుగా ఆ కమిటీ సిఫారసు చేయలేదన్న సంగతి మాత్రం నివేదిక చదివితేనే తెలుస్తుంది, ప్రసంగాలు వింటే తెలియదు. సభలో ఒక నివేదిక పేరు వినిపించిందంటే కుదించేవాడు దాన్ని తెరిచి ఆ ముక్క చదివి తీరాలి. ఎవరు ఏ భాగం తీసుకున్నారో ఒక్క వాక్యంలో చెబితే చాలు, తీర్పు చెప్పనక్కర్లేదు.

మూడో జంట 2014 మాట. ముఖ్యమంత్రి అప్పుడు ఒప్పుకున్నారని టీడీపీ అనడం ఆ పార్టీ చూపిన సాక్ష్యం. దాన్ని టీడీపీ వరసలోనే పెట్టాలి. చాలామంది దీన్ని తీసుకెళ్లి వైసీపీ వరసలో "గతంలో అంగీకరించింది" అని రాస్తారు. రాసిన విషయం నిజమే, చోటు తప్పు. జనవరి 20న వైసీపీ వైఖరి ఏమిటన్నదే మనం నింపే గడి. ప్రాంతాల మధ్య విభేదాలు రాకూడదనే అప్పట్లో ఒప్పుకున్నామన్నది అటునుంచి వచ్చే వివరణ. అది జవాబు గడిలో కూర్చుంటుంది.

ఇన్‌సైడర్ ట్రేడింగ్‌ను ఈ మూడింటితో కలపకుండా పక్కన పెట్టడానికి కారణముంది. అది రాజధాని ఎక్కడుండాలన్న ప్రశ్నకు జవాబు కాదు, ముందటి నిర్ణయం వెనక ఉద్దేశం మీద ఆరోపణ. టీడీపీ దాన్ని కొట్టిపారేసి, నిరూపించమని సవాలు చేసి, విశాఖ భూముల మీద అలాంటి ఆరోపణే తిరిగి వేసింది. రెండింటినీ "ఆరోపణలు" అని వేరే చోట, "ఆరోపించారు" అన్న క్రియతోనే పెట్టాలి. కారణాల వరసలో కలిపేస్తే ఆరోపణకు వాదన హోదా వచ్చేస్తుంది.

క్రియ దగ్గరకు వచ్చాం కాబట్టి కాస్త ఆగుదాం. తెలుగు పత్రికల భాషలో పక్షపాతం దాక్కునేది ఎక్కువగా వాక్యం చివర్లో. "ధ్వజమెత్తారు", "ఎండగట్టారు", "తిప్పికొట్టారు", "నిలదీశారు", "తేల్చి చెప్పారు", "బుకాయించారు". వీటిలో ప్రతిదీ ఒక తీర్పు. "ఎండగట్టారు" అంటే ఎదుటివాళ్ల తప్పు నిజమేనని మనం ఒప్పేసుకున్నట్టు. "తిప్పికొట్టారు" అంటే జవాబు గెలిచిందని. "వెల్లడించారు" ఇంకా చిత్రమైనది, పైకి పెద్దమనిషిలా కనిపిస్తుంది. 4,070 ఎకరాలు కొన్నారని మంత్రి "వెల్లడించారు" అంటే అది తేలిపోయిన నిజమైపోతుంది. "అన్నారు, చెప్పారు, వాదించారు, అడిగారు, ఆరోపించారు, ఖండించారు" అనే ఆరు క్రియలతో మొత్తం చర్చను కుదించవచ్చు. చప్పగా ఉంటుంది. ఉండనివ్వండి. "కొన్నారట" అన్న రూపం కూడా పనికిరాదు, అందులో వెటకారం ధ్వనిస్తుంది.

ఇంకో చిక్కు మన వాక్య నిర్మాణంలోనే ఉంది. ఎవరు అన్నారో తెలుగులో చివర చెప్పడం అలవాటు. "రాష్ట్రం దగ్గర అంత సొమ్ము లేదని, ఇప్పటికే ఎదిగిన నగరంలో తక్కువ ఖర్చుతో పని పూర్తవుతుందని, అందువల్ల ఒకేచోట పెట్టుబడి పెట్టడం సరికాదని మంత్రి అన్నారు" అనే వాక్యంలో చదువరి మూడొంతులు నడిచేదాకా అది రాసినవాడి మాటేనేమో అనుకుంటాడు. తర్వాతి వాక్యంలో "అని" జారిపోయిందా, ఇక అంతే, పార్టీ వాదన రచయిత వాదనగా మారిపోతుంది. పేరాలో మొదటి వాక్యం జాగ్రత్తగా రాసి, మూడో వాక్యానికి "అని" వదిలేసిన కుదింపులు కొల్లలు. మందు సులువు. "ప్రభుత్వ వాదన ఇది:" అని ముందే చెప్పి ఆ పేరాను ఒక్క పక్షానికే కేటాయించాలి. పేరా మధ్యలో పక్షం మారకూడదు.

ఇక ఎవరి మాటను పార్టీ మాటగా లెక్కించాలి? స్పీకర్ వైసీపీ టికెట్ మీద గెలిచినా కుర్చీలోంచి అన్నమాట పార్టీ వాదన కాదు. సభ నిర్వహణకు సంబంధించినదైతే సభ జరిగిన తీరు చెప్పేచోట వస్తుంది, లేకపోతే రాదు. మంత్రి బొత్స బిల్లు పెడుతూ చెప్పింది ప్రభుత్వ వైఖరి, ఉత్తరాంధ్ర ప్రతినిధిగా చెప్పింది కాదు. ధర్మాన ఆ రోజు మంత్రి కాదు, ఎమ్మెల్యే. ఆయన వాదన మంత్రి చెప్పినదానికి కొత్తగా ఏదైనా కలిపితేనే విడిగా చూపించాలి. స్థానిక పాఠకుల కోసం రాస్తున్నాం కదా అని మన జిల్లా సభ్యుల ప్రసంగాలను పెద్దవి చేస్తే పార్టీలవారీ కుదింపు కాస్తా జిల్లా వార్తల పేజీ అవుతుంది. ఆ కోరికను తీర్చడానికి వేరే పెట్టె కట్టుకోవచ్చు, తప్పులేదు.

జనసేన దగ్గర ఈ ప్రశ్న అసలు పరీక్షకు వస్తుంది. అప్పుడు సభలో ఆ పార్టీకి ఉన్న ఒకే ఒక్క సభ్యుడు, రాజోలు ఎమ్మెల్యే రాపాక వరప్రసాద్, బిల్లును సమర్థించారు. పార్టీ అధ్యక్షుడు పవన్ కల్యాణ్ బిల్లును వ్యతిరేకించారు, వ్యతిరేకంగా ఓటు వేయమని ఆయనకు లేఖ కూడా రాశారు. "జనసేన: అనుకూలం" అన్నా తప్పే, "జనసేన: వ్యతిరేకం" అన్నా తప్పే. రెండు వరసలు రాయాల్సిందే. సభలో ఉన్న సభ్యుడి మాట ఒకటి, సభ బయట పార్టీ మాట ఒకటి. టీడీపీలోనూ అప్పటికే ఇద్దరు ఎమ్మెల్యేలు నాయకత్వానికి దూరం జరిగి ఉన్నారు, 23 అన్న అంకెను "వ్యతిరేకించినవాళ్లు" అని వాడకూడదన్నమాట. బీజేపీ, కాంగ్రెస్, వామపక్షాలకు ఆ సభలో ఒక్క సీటూ లేదు. వాళ్లు బయట ఎంత మాట్లాడినా అసెంబ్లీ చర్చ కుదింపులో వాళ్లకు వరస ఉండదు.

ఓటు విషయంలో అందరూ జారే చోటు మరొకటుంది. ముఖ్యమంత్రి ప్రసంగానికి అడ్డుపడుతున్నారని 17 మంది టీడీపీ సభ్యులను సస్పెండ్ చేశారు. బిల్లు ఆ తర్వాత రాత్రి పొద్దుపోయాక మూజువాణి ఓటుతో నెగ్గింది. మూజువాణి అంటే గొంతుల లెక్క, తలల లెక్క కాదు. ఎవరు ఎటు ఓటేశారన్న జాబితా ఉండదు. కాబట్టి "151 మంది అనుకూలంగా, 23 మంది వ్యతిరేకంగా ఓటేశారు" అనేది కల్పన. "టీడీపీ వ్యతిరేకంగా ఓటేసింది" అన్నదీ నిలబడదు. చర్చలో వ్యతిరేకించింది, ఓటింగు సమయానికి ఆ పార్టీ సభ్యుల్లో ఎక్కువమంది సస్పెన్షన్‌లో ఉన్నారు అని రాయాలి. డివిజన్, అంటే తలల లెక్క, జరిగి అంకెలు వచ్చిన రోజు కావాలంటే వారం ఆగాలి. శాసనమండలి రద్దు తీర్మానానికి జనవరి 27న 133 ఓట్లు వచ్చాయి. అది వేరే తీర్మానం, వేరే చర్చ.

స్పీకర్ రికార్డుల నుంచి తొలగించమన్న మాటలకు కుదింపులో చోటు లేదు. వీడియోలో వినిపించినా సరే. తొలగించిన భాగాలను ప్రచురించడం సభా హక్కుల ఉల్లంఘన కిందికి వస్తుందని 1958లోనే సుప్రీంకోర్టు పట్నా పత్రిక 'సెర్చ్‌లైట్' కేసులో చెప్పింది. తర్వాత రాజ్యాంగంలో చేరిన 361ఎ అధికరణం సభా కార్యకలాపాలను చాలావరకు ఉన్నదున్నట్టు రాసిన పత్రికలకు రక్షణ ఇస్తుంది. ఆ అధికరణంలో బ్లాగు అన్న మాట లేదు. సొంతంగా రాసుకునేవాళ్లు ఇంకాస్త జాగ్రత్తగా ఉండటం మంచిది.

పైన చెప్పినవన్నీ పాటిస్తే కుదింపు సుమారుగా ఇలా వస్తుంది.

"2020 జనవరి 20, శాసనసభ. పరిపాలనా రాజధానిని విశాఖకు, న్యాయ రాజధానిని కర్నూలుకు మార్చి, శాసన రాజధానిగా అమరావతిని ఉంచే బిల్లు. సీఆర్‌డీఏ చట్టం రద్దు బిల్లు.

ప్రభుత్వం (వైసీపీ): రెండు బిల్లులనూ ఆమోదించమని అడిగింది. కారణాలుగా చెప్పినవి: ఒకేచోట కేంద్రీకరణతో హైదరాబాద్ విషయంలో జరిగిన నష్టం, అమరావతికి కావాల్సిన 1.09 లక్షల కోట్లు రాష్ట్రం భరించలేకపోవడం, కమిటీల నివేదికలు, శ్రీబాగ్ ఒడంబడిక. రైతులకు కౌలు పదిహేనేళ్లు, భూమి లేనివారికి పింఛను పెంపు అని చెప్పింది.

టీడీపీ: రెండు బిల్లులనూ వ్యతిరేకించింది. విశాఖ అభివృద్ధిని కాదు, పాలనను విడగొట్టడాన్ని వద్దంది. కారణాలు: 2014లో సభ అంగీకారం, ఆ నమ్మకంతో రైతులిచ్చిన భూమి, అమరావతి నడిమధ్య ఉండటం. ఖర్చు వాదనకు జవాబుగా, మిగులు భూమి విలువతోనే రాజధాని కట్టవచ్చంది.

జనసేన: సభలోని ఏకైక సభ్యుడు బిల్లును సమర్థించారు. పార్టీ అధ్యక్షుడు వ్యతిరేకించారు.

ఆరోపణలు: రాజధాని ప్రకటనకు ముందే 4,070 ఎకరాలు కొన్నారని ప్రభుత్వం ఆరోపించింది. టీడీపీ ఖండించి, విశాఖ భూములపై ఎదురు ఆరోపణ చేసింది.

ఫలితం: 17 మంది టీడీపీ సభ్యుల సస్పెన్షన్ తర్వాత మూజువాణి ఓటుతో ఆమోదం."

నూట ఇరవై పదాలకు కాస్త అటూఇటూ. దీన్ని యాభైకి తగ్గించమంటే ఆరోపణల వరస మొదట తీసేయాలి, తర్వాత శ్రీబాగ్ లాంటి పక్క సాక్ష్యాలు. "పాలనను విడగొట్టడాన్ని వద్దంది" అన్నదీ, జనసేన రెండు ముక్కలూ, సస్పెన్షనూ మాత్రం ఆఖరిదాకా ఉంచాలి. అవి పోతే మిగతాదంతా తప్పుదారి పట్టిస్తుంది.

తర్వాత జరిగినవాటిని దీనిలో కలపకూడదు. మండలిలో టీడీపీకి మెజారిటీ ఉండటంతో అక్కడ చర్చ వేరే దారి పట్టింది, జనవరి 22న ఛైర్మన్ ఎం.ఎ. షరీఫ్ తన విచక్షణాధికారంతో బిల్లులను సెలెక్ట్ కమిటీకి పంపారు. జూన్‌లో అసెంబ్లీ మళ్లీ ఆమోదించింది, జులై 31న గవర్నర్ సంతకం పడింది, 2021 నవంబరు 22న ప్రభుత్వమే రెండు చట్టాలనూ వెనక్కి తీసుకుంటూ బిల్లు పెట్టింది. భూముల ఆరోపణల మీద నమోదైన ఒక కేసును హైకోర్టు 2021 జనవరిలో కొట్టేసింది, జులైలో సుప్రీంకోర్టు ఆ తీర్పును మార్చలేదు. ఇవన్నీ కావాలంటే కుదింపు కింద గీత గీసి, తేదీలతో విడిగా రాయండి. జనవరి 20న సభలో కూర్చున్న ఎవరికీ ఇవేవీ తెలియవు, వాళ్ల వాదనలను ఈ వెలుగులో దిద్దే పని మనది కాదు.